అమ్మే ఆయన వెళ్లిపోయాక ఎంత మిగులుతుందో దానికే ధర కట్టండి

ప్రశ్న: పదేళ్లుగా ఏసీ, కోల్డ్ రూమ్ సర్వీసు పనిలో సూపర్‌వైజరుగా ఉన్నాను. తొమ్మిది మంది సిబ్బంది ఉన్న ఇలాంటి వ్యాపారమే ఒకటి అమ్మకానికి వచ్చింది. యజమాని రిటైర్ అవుతున్నారు. ఏడాది అమ్మకాలు 1000 అనుకుంటే లాభం 220 అంటున్నారు. పుస్తకాల్లో చూపిన లాభం 90, ఆయన జీతం 50, ఆయన భార్య జీతం 20, వడ్డీ 10, తరుగుదల 25, సొంత కారు ఖర్చు 15, ఒక్కసారి వచ్చిన మరమ్మతు 10 కలిపితే ఆ 220 వస్తుంది. దానికి మూడు రెట్లు, అంటే 660 అడుగుతున్నారు. అమ్మకాల్లో 400 వార్షిక కాంట్రాక్టులవి. అందులో 300 వేసవికి ముందు రెండు నెలల్లోనే అడ్వాన్సుగా వస్తుంది. ఆ వసూళ్లు అయ్యాక అప్పగిస్తానంటున్నారు. అన్నిటికంటే పెద్ద కస్టమర్ వాటా 140. నా దగ్గర 150 ఉంది. ఎంత ఇవ్వచ్చు? ఏం చూసుకోవాలి? మిగతా డబ్బు ఎలా కూర్చాలి? ఆయనకు ప్రతిపాదన ఎలా రాయాలి?

జవాబు: ముందు ఆ 220 సంగతి తేల్చుకోవాలండీ. ధర, అప్పు, తనిఖీలు అన్నీ దాని మీదే నిలబడతాయి.

చిన్న వ్యాపారాల అమ్మకంలో పుస్తకాల లాభానికి యజమాని జీతం, ఆయన సొంత ఖర్చులు, వడ్డీ, తరుగుదల కలిపి చూపించడం మామూలే. అందులో మోసం లేదు. యజమాని చేతికి ఏడాదికి మొత్తం ఎంత వస్తోందో చెప్పే లెక్క అది. కానీ మీరు కొంటున్నది ఆయన నిన్నటి సంపాదన కాదు, ఆయన లేని రేపటి సంపాదన. అందుకే ఆ కాగితంలోని ప్రతి వరుస దగ్గర ఆగి ఒకటే అడగండి: ఆయన వెళ్లిపోయాక ఈ ఖర్చు నిజంగా ఆగిపోతుందా?

ఆయన జీతం, వడ్డీ, కారు ఖర్చు ఆగిపోతాయి. భార్య జీతం 20 దగ్గర మాత్రం ఆగాలి. ఆవిడ పేరుకే ఉద్యోగి అయితే కలపొచ్చు. బిల్లులు వేసేది, బాకీల కోసం ఫోన్లు చేసేది, ఏ టెక్నీషియన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఆవిడే అయితే ఆ పనికి రేపు మీరు మనిషిని పెట్టుకోవాలి. ఇలాంటి వ్యాపారాల్లో ఎక్కువసార్లు జరిగేది రెండోదే. కాబట్టి 20 తీసేయండి. ఒక్కసారి వచ్చిందన్న మరమ్మతు 10 నిజంగా ఒక్కసారే వచ్చిందా అన్నది గత మూడేళ్ల పుస్తకాలు చెబుతాయి. ఏటా ఏదో ఒక పేరుతో అంత ఖర్చు కనిపిస్తే అది మామూలు ఖర్చే, అదీ తీసేయాలి. ఇక భవనం. అది యజమానిదే అయి, తన వ్యాపారం కాబట్టి తక్కువ అద్దె రాసుకుని ఉంటే, మీరు వచ్చాక మామూలు అద్దె అడుగుతారు. ఆ తేడా 10 అనుకుందాం. ఇవన్నీ పోగా 220 కాస్తా 180 అవుతుంది.

ఈ 180లోంచే మీ జీతం రావాలి. ఇదే పనికి బయటి మేనేజరును పెడితే 60 ఇవ్వాలనుకోండి, మీరు కూడా అంతే తీసుకోవాలి. జీతం తీసుకోకుండా పనిచేస్తే లాభం ఎక్కువగా కనబడుతుంది, కానీ ఆ లాభం మీ సొంత చాకిరీయే. జీతం పోగా మిగిలేది 120. తరుగుదలను లెక్కలో కలిపాం కదా అని వ్యాన్లు, పనిముట్లు పాతబడటం మానవు. వాటిని మార్చడానికి ఏటా 20, పన్నుకు 15 పక్కన పెడితే, అప్పు తీర్చడానికి మీకు నిజంగా మిగిలేది 85. ఈ 85ను గుర్తుపెట్టుకోండి. బ్యాంకు అడిగేదీ దీని గురించే, రాత్రి మీకు నిద్ర పట్టేదీ పట్టనిదీ దీన్నిబట్టే.

ఇప్పుడు ధర. యజమాని తానే నడిపే ఇంత చిన్న సర్వీసు వ్యాపారాలు సాధారణంగా ఆ 180 లాంటి సంఖ్యకు రెండు నుంచి మూడు రెట్ల మధ్య అమ్ముడుపోతాయి. మీ కేసులో నేను 2 నుంచి 2.7 రెట్ల దాకా వెళ్తాను, అంటే 360 నుంచి 486. వార్షిక కాంట్రాక్టులు ఉండటం పైకి లాగుతుంది. ఒకే కస్టమర్ చేతిలో 14 శాతం అమ్మకాలు ఉండటం, పరిచయాలన్నీ యజమానివే కావడం కిందికి లాగుతాయి. రెండో దారిలో సరిచూడాలంటే మేనేజరు జీతం పోగా మిగిలిన 120ని మూడు, నాలుగు రెట్లు చేయండి. 360 నుంచి 480 వస్తుంది. రెండు దారులూ ఒకచోటికే వచ్చాయంటే మీ అంచనా గాలిలో లేదని అర్థం. ఒకవేళ రెండూ దూరందూరంగా వస్తే, మేనేజరు జీతం తప్పుగా వేసుకున్నారేమో ముందు చూడండి.

కానీ మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది ధర కాదు. అడ్వాన్సులు వసూలయ్యాక అప్పగిస్తానన్న ఆ మాట. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ గుంటలో నేను స్వయంగా పడ్డాను.

నేను కొన్న రెండో వ్యాపారం కూడా నిర్వహణ కాంట్రాక్టులదే. ఖాతాలో ఉన్న నగదు అమ్మే ఆయనది, అప్పులూ ఆయనవే, నాకు వ్యాపారం మాత్రం వస్తుంది అని రాసుకున్నాం. ఇది చాలా ఒప్పందాల్లో ఉండే మాటే, న్యాయంగానే అనిపించింది. ఆయన ఖాతా ఖాళీ చేసుకుని వెళ్లారు. మరుసటి వారం నుంచి కస్టమర్లు ఫోన్లు చేస్తే మనుషుల్ని పంపాను, సామాన్లు మార్చాను, జీతాలు ఇచ్చాను. బిల్లు వేద్దామంటే ఏడాది డబ్బు ముందే కట్టేశామన్నారు. వాళ్ల మాట నిజమే. ఆ డబ్బు తీసుకున్నది వేరే మనిషి, పని చేయాల్సింది నేను. ఏడు నెలల పాటు జీతాల తేదీ దగ్గరపడితే టెన్షన్‌తో కడుపులో తిప్పేది. ఆయన నన్ను మోసం చేశారని ఇప్పటికీ అనను. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మీ లెక్క చూడండి. 300 రెండు నెలల్లో వసూలై, ఆ వెంటనే అప్పగింత జరిగితే, ఆ డబ్బుకు చేయాల్సిన పని దాదాపు అంతా మిగిలే ఉంటుంది. మిగతా 100 ఏడాది పొడుగునా వస్తుంది కాబట్టి అందులో సగం పని మిగిలి ఉంటుంది. మొత్తం 330 దాకా పని చేయాల్సిన డబ్బు అప్పటికే ఆయన జేబులో ఉంటుంది. ప్రతి 100 పనికి జీతాలు, సామాన్లు, పెట్రోలు కలిపి 65 ఖర్చవుతుందనుకుంటే, మీ మీద పడే భారం 215. మీరు ఇవ్వాలనుకునే ధరలో ఇది దాదాపు సగం. ఏ బ్రోకరూ దీన్ని అప్పు అని పిలవరు, బ్యాలెన్స్ షీటులో కూడా చాలా చిన్న వ్యాపారాలు దీన్ని రాయవు. డబ్బు వచ్చిన రోజే మొత్తాన్ని అమ్మకాలుగా రాసేస్తారు. మీది కూడా అలా రాసి ఉంటే, వసూళ్లు పెరిగిన ఏడాదిలో లాభం కూడా ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. అకౌంటెంటుతో నెలవారీగా విడగొట్టించి చూడండి.

యజమాని దీనికి ఒక జవాబు చెబుతారు. వచ్చే ఏడాది మళ్లీ అడ్వాన్సులు వస్తాయి కదా, చక్రం తిరుగుతూనే ఉంటుంది అంటారు. అందులో నిజం ఉంది. రెన్యువల్స్ నిలబడితే ఆ చక్రం తిరుగుతుంది. కానీ ఆ రెండు నెలల వసూళ్లు మొదలవకముందే అప్పగిస్తే ఆ చక్రం మీ చేతిలో మొదలవుతుంది, వసూళ్లయ్యాక అప్పగిస్తే పది నెలలు మీ సొంత డబ్బుతో తిప్పాలి. అందుకే ప్రతిపాదనలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: “అప్పగింత రోజున, ముందుగా వసూలై ఇంకా సేవ అందించాల్సిన మొత్తాన్ని కాంట్రాక్టువారీగా లెక్కవేసి, అందులో 65 శాతం నగదును వ్యాపార ఖాతాలోనే ఉంచాలి. లేదా ఆ మేరకు ధర తగ్గించాలి.” ఆ 65 మీ అసలు ఖర్చు లెక్క తేలాక మారొచ్చు. రావాల్సిన బాకీలు, సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సినవి కూడా ఏడాది సగటు స్థాయిలో ఉంచి అప్పగించాలని దాని పక్కనే రాయండి. చివరి నెలల్లో బాకీలు గబగబా వసూలు చేసుకుని, కట్టాల్సినవి ఆపి పెడితే ఖాతాలో నగదు ఉబ్బుతుంది, ఖాళీ మీకు మిగులుతుంది.

ఇక డబ్బు కూర్చడం. మీరు 450 ఇస్తారనుకుందాం. దానికి వకీలు, అకౌంటెంటు ఖర్చు 20, చేతిలో తిప్పుకోవడానికి 30 కలిపితే 500 కావాలి. మీ 150లో 30 ఇంటి కోసం ముట్టుకోకుండా ఉంచండి, 120 పెట్టండి. బ్యాంకు నుంచి 240, యజమానికి తర్వాత వాయిదాల్లో కట్టేది 90, రెన్యువల్స్ బాగుంటేనే రెండేళ్లలో సగం సగంగా ఇచ్చేది 50. కాగితం మీద సరిపోయింది. బ్యాంకు అప్పు ఏడేళ్లకు 11 శాతం వడ్డీ అనుకుంటే ఏటా 49 కట్టాలి. యజమాని అప్పు మొదటి ఏడాది వడ్డీ మాత్రమే, తర్వాత నాలుగేళ్లలో 7 శాతంతో తీర్చేలా పెడితే ఏటా 26. రెండో ఏడాది మొత్తం 75. మీకు మిగిలేది 85. ఆ పైన రెన్యువల్స్ కోసం ఒప్పుకున్న సొమ్ములో సగం 25 ఇవ్వాలి. చాలదు. మొదటి ఏడాది అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే యజమానికి వడ్డీ మాత్రమే కడుతున్నారు. మెడ మీద కత్తి రెండో ఏడాదిలో పడుతుంది. అప్పు పట్టికను మొదటి ఏడాదికే వేసి ఆపేయకండి.

బ్యాంకులు సాధారణంగా కట్టాల్సిన వాయిదాకు కనీసం 1.25 రెట్లు మిగులు ఉండాలంటాయి. 85ని 75తో భాగిస్తే 1.13. అంటే 450 మీకు ఎక్కువ. వ్యాపారం అంత చేయదని కాదు, మీరు కూర్చగలిగే అప్పుతో అది ఊపిరి తీసుకోలేదు.

అదే ధర 420 అనుకుని, యజమాని అప్పును కాస్త పెంచి, కాలం పొడిగించి చూడండి. కావాల్సింది 470. మీది 120, బ్యాంకు 210, యజమానికి వాయిదాల్లో 100, రెన్యువల్స్ మీద ఆధారపడేది 40. బ్యాంకుకు ఏటా 43. యజమానికి మొదటి ఏడాది వడ్డీ 7, తర్వాత అయిదేళ్లు ఏటా 24. రెండో ఏడాది కట్టాల్సింది 67, 85తో పోలిస్తే 1.27 రెట్లు. మొదటి ఏడాది రెన్యువల్ సొమ్ము 20 ఇచ్చాక కూడా 15 మిగులుతుంది, రెండో ఏడాది ఇంకో 20 ఇస్తే 2 తగ్గుతుంది, మొదటి ఏడాది మిగులు దాన్ని మోస్తుంది. బిగుతుగానే ఉంది, కానీ నడుస్తుంది. మొదటి మాటగా నేనైతే 400 రాస్తాను, 420 దగ్గర ఆగుతాను. ఇదే షరతులతో ఎవరైనా 440 అంటే మళ్లీ పట్టిక వేసుకోనిదే తల ఊపకండి.

ఇప్పుడు ఆ 140 కస్టమర్ వెళ్లిపోయారనుకోండి. ప్రతి 100కు 35 మిగిలేది కాబట్టి 49 పోతుంది. పన్ను కాస్త తగ్గడంతో మీ 85 దాదాపు 46 అవుతుంది. కట్టాల్సింది 67. ఇక్కడే యజమానికి వాయిదాల్లో కట్టే అప్పు అసలు విలువ తెలుస్తుంది. ఆ కస్టమర్ మొదటి 18 నెలల్లో వెళ్లిపోతే యజమాని వాయిదాలు ఏడాది పాటు ఆగుతాయని, అసలు కూడా ముందే ఒప్పుకున్న మేరకు తగ్గుతుందని రాసుకుంటే, మీరు బ్యాంకుకు కట్టాల్సిన 43 ఆ 46లోంచి కట్టేయగలరు. వ్యాపారం బతుకుతుంది. బ్యాంకు ఇలాంటి ఆపుదలను ఒప్పుకోదు, అమ్మిన మనిషి ఒప్పుకుంటారు. ఎందుకంటే ఆ కస్టమర్ గురించి నిజం తెలిసింది ఆయనకే. ఆయన ఈ షరతు వినగానే ముఖం మార్చుకుంటే, అదే మీకు దొరికే పెద్ద సమాచారం. అప్పుడు ఆ కాంట్రాక్టు కాగితం ముందు తెప్పించుకుని చదవండి.

రెన్యువల్ సొమ్ముకు కొలత స్పష్టంగా ఉండాలి. కాంట్రాక్టుల సంఖ్యతో కొలవద్దు, విలువతో కొలవండి. అప్పగింత రోజు ఉన్న జాబితాలో విలువ ప్రకారం 85 శాతం నిలబడితే ఆ ఏడాది 20 పూర్తిగా, 70 కంటే తగ్గితే ఏమీ లేదు, మధ్యలో ఉంటే ఆ దామాషాలో. లాభం మీద ఆధారపడే షరతు పెట్టుకోకండి. లాభం లెక్క మీ చేతిలో ఉంటుంది, ఆయన నమ్మరు, రెండేళ్లు తగవులాడుకుంటారు.

తనిఖీల్లో కాగితాల పని చాలావరకు అకౌంటెంటు, వకీలు చేస్తారు. 36 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లను అమ్మకాల పుస్తకంతో, పన్ను రిటర్నులతో పక్కపక్కన పెట్టడం, సిబ్బందికి బాకీ ఉన్న సెలవులు, విరమణ సొమ్ములు, పాత పన్నులు, లైసెన్సులు చూడటం వాళ్ల వంతు. కంపెనీ వాటాలు కొంటే పాత అప్పులూ మీతో వస్తాయి. ఆస్తులు, కాంట్రాక్టులు మాత్రమే కొంటే చాలా అప్పులు అక్కడే ఉండిపోతాయి, కానీ ఒక్కో కాంట్రాక్టును, లైసెన్సును మీ పేరుకు మార్చుకోవాలి. మీ దగ్గరి చట్టం ఏమంటుందో వకీలు చెప్పాలి. మీకు తెలిసిన పని మాత్రం వాళ్లకు రాదు, ఆ రెండు మూడు చూపులు మీవే కావాలి.

ఒకటి, మూడేళ్ల కాంట్రాక్టు జాబితాలను పేరుపేరునా పక్కపక్కన పెట్టండి. మొత్తం ప్రతి ఏడాదీ 400 దగ్గరే ఉండొచ్చు. కానీ పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు వస్తూ 400 నిలబడుతుంటే, ఆ కొత్తవాళ్లను తెస్తున్నది యజమాని పరిచయాలే. ఆయనతోపాటు ఆ ప్రవాహం ఆగుతుంది. పాతవాళ్లే ధర పెంచినా కొనసాగుతుంటే అది వేరే వ్యాపారం, 2.7 రెట్లకు అర్హత ఉన్నది అదే. ప్రతి పెద్ద కాంట్రాక్టులోనూ యజమాని మారితే రద్దు చేసుకునే హక్కు కస్టమర్‌కు ఉందేమో చూడండి.

రెండు, సర్వీసు కాల్స్ రిజిస్టర్. ఒకే యంత్రానికి నెలలోపే మళ్లీ వెళ్లిన సందర్భాలు ఎన్ని? వాటిలో ఎక్కువ ఒకరిద్దరు టెక్నీషియన్ల పనైతే అది శిక్షణతో పోతుంది. అందరిదీ అయితే చవక విడిభాగాలు వాడుతున్నారు, లేదా యంత్రాలే కాలం తీరినవి. కాలం తీరిన యంత్రాలకు విడిభాగాలతో కలిపిన కాంట్రాక్టు ఉంటే, పైకి ఆదాయంగా కనిపించేది లోపల నష్టమే. మీ పదేళ్ల అనుభవం ఇక్కడ ఏ ఆడిటర్‌కూ ఉండదు.

మూడు, ఆఫీసులో రెండు రోజులు ఊరికే కూర్చోనివ్వమని అడగండి. కస్టమర్లు ఏ నంబరుకు చేస్తున్నారు? ఆఫీసు నంబరుకా, యజమాని సొంత మొబైల్‌కా? సొంత మొబైల్‌కైతే ఆ నంబరు కూడా ఒప్పందంలో భాగం కావాలి. కష్టమైన కేసు వస్తే అందరూ ఏ టెక్నీషియన్ వైపు చూస్తున్నారో కనిపెట్టండి. ఆ మనిషి ఉండటం మీద మీ కొనుగోలు ఆధారపడి ఉంటుంది. సిబ్బందితో ముందే మాట్లాడటం యజమానికి ఇష్టం ఉండదు, అది సహజం. సంతకాలకు వారం ముందు ఆ ఒక్కరితో, యజమాని ఎదుటే మాట్లాడే అవకాశం ఇవ్వాలని ప్రతిపాదనలోనే రాసుకోండి.

ప్రతిపాదన రెండు మూడు పేజీలు దాటకూడదు. మొదట మీరెందుకు కొనాలనుకుంటున్నారో రాయండి. ఆ పేరా యజమాని కోసం. ముప్పై ఏళ్లు నడిపిన మనిషికి తన సిబ్బంది ఏమవుతారు, కస్టమర్ల ముందు తన మాట పోతుందా అన్న బెంగ ఉంటుంది. మీకు ఈ పని వచ్చని, ఫలానా సిబ్బందిని కొనసాగిస్తారని, పేరు మార్చరని సూటిగా రాయండి. ఉత్త పొగడ్తలు వద్దు. తర్వాత 220 నుంచి 180కి ఎలా వచ్చారో ఆ మూడు వరుసలు చూపించండి. లెక్క దాచి ధర మాత్రమే చెబితే బేరం ఆడుతున్నారనుకుంటారు. లెక్క చూపిస్తే, “మా ఆవిడ పని అంత కాదు, రోజుకు రెండు గంటలే” అని ఆయనే సరిదిద్దుతారు. అది నిజమైతే మీరూ ఒప్పుకోండి, 10 వెనక్కి కలపండి. తర్వాత ధర, ఏ సొమ్ము ఏ రోజున చేతికొస్తుందో ఆ పట్టిక, అడ్వాన్సుల వాక్యం, ఆయన మూడు నెలలు పూర్తిగా, మరో తొమ్మిది నెలలు ఫోన్లో అందుబాటులో ఉండటం, కొన్నేళ్లు అదే ప్రాంతంలో పోటీ వ్యాపారం పెట్టకపోవడం.

రహస్యంగా ఉంచడం, 60 రోజులు ఇంకెవరితోనూ బేరం ఆడకపోవడం అన్న రెండు షరతులు తప్ప మిగతావి తనిఖీలు పూర్తయ్యేదాకా ఇద్దరినీ కట్టిపడేయవని స్పష్టంగా రాయండి. ఆ 60 రోజుల మాట లేకుండా అకౌంటెంటుకు ఒక్క పైసా కట్టకండి.

ఆయనకు ఇప్పుడే పంపాల్సింది మాత్రం ప్రతిపాదన కాదు. కాంట్రాక్టువారీగా మొదలైన తేదీ, వసూలైన మొత్తం, ముగిసే తేదీ ఉన్న జాబితా కావాలని రెండు వాక్యాల ఉత్తరం పంపండి. అది వచ్చాక పైన చెప్పిన 330 మీ చేతిలో ఎంత తేలుతుందో ఇక్కడ రాయండి, అప్పగింత తేదీ ఎప్పుడు పెట్టుకోవాలో అప్పుడు చెబుతాను.